విద్యార్థులకు ప్రైవేట్ క్లౌడ్ క్లస్టర్ కోసం మేనేజ్‌మెంట్‌కు ఉత్తరం: పంపేలోగా ఒకసారి చూసి చెప్పండి

శ్రీలత (తాంబరం)

అందరికీ నమస్కారం. తాంబరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ ల్యాబ్‌ల కోఆర్డినేటర్‌గా ఉన్నాను. మాది అన్నా యూనివర్సిటీ అనుబంధ కాలేజీ. వచ్చే ఏడాది బడ్జెట్‌లో పిల్లల కోసం చిన్న ప్రైవేట్ క్లౌడ్ పెట్టించమని కరస్పాండెంట్ గారికి ఉత్తరం రాశాను. కాలేజీకి వెళ్లేది ఇంగ్లీషు ప్రతి. ఇక్కడ అందరికీ వీలుగా తెలుగులో పెడుతున్నాను. చెన్నైలో ఇలాంటి పని చేసినవాళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

> గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి,
>
> మన విభాగంలో మూడో సంవత్సరం మూడు సెక్షన్లు, సెక్షన్‌కు 60 మంది. క్లౌడ్ ల్యాబ్‌లో ప్రతి విద్యార్థీ 8 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్ మీద వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ నడుపుతారు. ఒక వర్చువల్ మెషీన్ తెరిస్తే నడుస్తుంది. రెండోది తెరిస్తే విండోస్ కదలదు. ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు ఫైలు పంపే ప్రయోగానికి రెండూ ఒకేసారి కావాలి. పైగా ఉదయం బ్యాచ్ చేసిన మెషీన్‌ను మధ్యాహ్నం బ్యాచ్ చెరిపేస్తుంది. చివరి సంవత్సరం ప్రాజెక్టు బృందాలు 60. వాళ్ల సర్వర్ వారం రోజులు ఆగకుండా నడవడానికి కాలేజీలో చోటే లేదు.
>
> అందువల్ల ఒక్కొక్కటి 32 కోర్లు, 256 జీబీ ర్యామ్, 1.92 టీబీ ఎస్‌ఎస్‌డీలు నాలుగేసి ఉన్న మూడు సర్వర్లతో క్లస్టర్ ఏర్పాటుకు అనుమతి కోరుతున్నాను. మొత్తం 768 జీబీ ర్యామ్‌తో 192 మందికి తలా 4 జీబీ మెషీన్ ఇవ్వవచ్చు. 23 టీబీ నిల్వ స్థలం వస్తుంది. సర్వర్లు, 10 గిగాబిట్ స్విచ్, యూపీఎస్, ర్యాక్, ఏసీ కలిపి ఖర్చు 22 లక్షలు. పబ్లిక్ క్లౌడ్‌తో పోలిస్తే కాలేజీకి ఏటా పెద్ద మొత్తం ఆదా అవుతుంది. క్లౌడ్ నైపుణ్యం ఉన్నవారికి ఉద్యోగాలు ఎక్కువ.

ఇదీ సారాంశం. వచ్చే గురువారం సమావేశం. లోపాలు ఉంటే మొహమాటపడకుండా చెప్పండి.

---

సూర్యనారాయణ (అన్నానగర్)

అమ్మా శ్రీలతా, పిల్లల ఫైళ్లు దాచుకోవడానికి ఇంత ఖర్చు ఎందుకు? మా అపార్ట్‌మెంట్ సంఘం రికార్డులకు నాలుగు డిస్కుల పెట్టె ఒకటి కొన్నాం. నెక్స్ట్‌క్లౌడ్ వేసుకున్నాం. ఫొటోలు, బిల్లులు అన్నీ అందులోనే. మూడేళ్లుగా ఇబ్బంది లేదు. కాలేజీకి అయితే ఇంకాస్త పెద్దది తీసుకుంటే సరిపోతుంది కదా.

---

శ్రీలత (తాంబరం)

బాబాయ్ గారూ, ఫైళ్లు దాచే పెట్టె కాదండీ ఇది. ప్రతి విద్యార్థికీ తనదే అయిన ఒక కంప్యూటర్‌ను సర్వర్ లోపల పుట్టించి ఇవ్వడం. దానికి ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లే వేస్తారు, నెట్‌వర్క్ వాళ్లే కలుపుతారు, పాడైతే మళ్లీ కొత్తది తీసుకుంటారు. మీరు చెప్పిన పెట్టె మా విభాగం బ్యాకప్‌కు మాత్రం పనికొస్తుంది. అది విడిగా అడుగుతాను.

---

వేణు (వేలచ్చేరి)

మేడమ్, మంచి ప్రయత్నం. మూడు మాటలు.

ఒకటి, ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ వేయండి. 2010లో నాసా, ర్యాక్‌స్పేస్ కలిసి మొదలుపెట్టింది, అసలు క్లౌడ్ అంటే అదే. సిలబస్‌లో కూడా ఉంది. రెండు, కొత్త సర్వర్లు ఎందుకు? రిచీ స్ట్రీట్‌లో కంపెనీలు వదిలేసిన ర్యాక్ సర్వర్లు బాగు చేసి అమ్ముతారు, కొత్తవాటి ధరలో చిన్న భాగం. రెండు తీసుకుంటే ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది. మూడు, విద్యా సంస్థలకు పరిశోధన పరికరాల మీద జీఎస్టీ 5 శాతమే. ఆ సర్టిఫికెట్ పెట్టండి, లక్షలు మిగులుతాయి.

---

రామకృష్ణ (షోళింగనల్లూర్)

శ్రీలత గారూ, ఉత్తరంలో సమస్యను చెప్పిన మొదటి పేరా చాలా బాగుంది. దాన్ని కదిలించకండి. రెండో పేరాలోని రెండు అంకెలు మాత్రం సమావేశంలో ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే నిలబడవు.

768ని 4తో భాగిస్తే 192 వస్తుంది, నిజమే. కానీ ఆ ర్యామ్ అంతా పిల్లలకు దక్కదు. నిల్వకు, అన్ని సర్వర్ల డిస్కులనూ ఒకే నిల్వగా కలిపే సెఫ్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారని అనుకుంటున్నాను. ప్రతి డిస్కుకూ ఒక సెఫ్ ప్రాసెస్ ఉంటుంది, అది మామూలుగా 4 జీబీ దాకా తీసుకునేలా అమర్చి ఉంటుంది. సర్వర్‌కు నాలుగు డిస్కులు అంటే 16 జీబీ పోయింది. ఆపరేటింగ్ సిస్టమ్, మిగతా సేవలు కలిపి ఇంకో 8, 10. సర్వర్‌కు 230 మిగిలిందనుకోండి. ఇక అసలు సంగతి. మూడు సర్వర్లు పెట్టడం ఎందుకు? ఒకటి పడిపోయినా మిగతా రెండూ మోయాలని. అంటే రెండు సర్వర్ల ర్యామ్ మాత్రమే లెక్కలోకి రావాలి. 460 జీబీ. తలా 4 చొప్పున 115 మెషీన్లు. మీరు రాసిన దానిలో దాదాపు 60 శాతం.

ఆ 115 మీకు చాలదా అంటే చాలుతుంది. ల్యాబ్ సమయంలో ఒక సెక్షన్ 60 మంది, టెక్స్ట్ లినక్స్ చాలు కాబట్టి తలా 2 జీబీ, మొత్తం 120. ప్రాజెక్టు బృందాలు 60, తలా 4 జీబీ, మొత్తం 240. రెండూ కలిపి 360. 460లో సుఖంగా ఇముడుతుంది. కాబట్టి 192 అని గొప్పగా రాయడం కంటే, 360 ఎలా వచ్చిందో చూపించండి.

నిల్వ కూడా అంతే. 23 టీబీ డిస్కులు కొంటున్నారు కానీ సెఫ్ ప్రతి ముక్కనూ మూడు సర్వర్లలో మూడు ప్రతులుగా దాస్తుంది. 23 కాస్తా 7.7 అవుతుంది. 85 శాతం నిండగానే హెచ్చరిక మొదలవుతుంది, ఆపైన నింపకూడదు. చేతికి వచ్చేది 6.5 టీబీ. ఉత్తరంలో ఈ 6.5నే రాయండి. లేకపోతే రెండో సంవత్సరం "23 ఉందన్నారు, అప్పుడే నిండిందా" అని మిమ్మల్నే అడుగుతారు.

వేణు గారూ, రెండు సర్వర్ల మాట ఇక్కడ కుదరదు. రెండింటి మధ్య తీగ తెగితే రెండూ "అవతలిది పోయింది" అనే అనుకుంటాయి. ఎవరి మాట చెల్లాలో తేల్చడానికి మూడో ఓటు ఉండాలి. ఓటుకు మాత్రమే అయితే ఒక చిన్న పాత పీసీ కూడా పనికొస్తుంది, కానీ సెఫ్ మూడు ప్రతులకు మూడు సర్వర్లు ఉండాల్సిందే.

---

సాయితేజ (ఫైనల్ ఇయర్)

మేడమ్, నేను విద్యార్థి వైపు నుంచి చెప్తాను. మా ప్రాజెక్టుకు కాలేజీలో సర్వర్ లేదని ఒక పబ్లిక్ క్లౌడ్‌లో నాన్నగారి కార్డు పెట్టి అకౌంట్ తెరిచాను. ఉచిత పరిధిలోనే ఉన్నామనుకున్నాం. మెషీన్ ఆపేశాం కానీ ట్యుటోరియల్ చూసి పెట్టిన నాట్ గేట్‌వే అనే నెట్‌వర్క్ సేవ అలాగే ఉండిపోయింది. అది గంటల లెక్కన నడుస్తూనే ఉంది. నెల చివర బిల్లు చూసి ఇంట్లో అందరం భయపడ్డాం. అడిగితే కొంత తగ్గించారు. మా బృందంలో ఒకమ్మాయి ఇంట్లో అసలు క్రెడిట్ కార్డే లేదు, తను మొత్తం ప్రాజెక్టు నా లాప్‌టాప్‌లోనే చూడాల్సి వచ్చింది. ఈ మాట కూడా ఉత్తరంలో ఉండాలి మేడమ్.

---

రామకృష్ణ (షోళింగనల్లూర్)

సాయీ, కార్డు లేకుండా వచ్చేవి కొన్ని ఉన్నాయి. అజ్యూర్ ఫర్ స్టూడెంట్స్ కాలేజీ మెయిల్ ఐడీతో ఏడాదికి 100 డాలర్ల క్రెడిట్ ఇస్తుంది, కార్డు అడగదు. క్రెడిట్ అయిపోతే ఆగిపోతుంది తప్ప బిల్లు రాదు. మీ జూనియర్లకు చెప్పు. నెల రోజులు ఆగకుండా నడిపే ప్రాజెక్టులకు చాలదు గానీ, నేర్చుకోవడానికి చాలు.

---

పద్మజ (గిండి)

నేను ఒక విద్యా ట్రస్టు అకౌంట్స్‌లో పనిచేస్తాను. ఇలాంటి ఉత్తరాలు మా టేబుల్ మీదికే వస్తాయి కాబట్టి, చదివేవాళ్లు ఎక్కడ ఆగుతారో చెప్తాను.

ముందు జీఎస్టీ. 22 లక్షలు అన్నది కొటేషన్‌లో "పన్నులు అదనం" అని కింద చిన్న అక్షరాలతో ఉన్న మొత్తం అయి ఉంటుంది. 18 శాతం కలిపితే దాదాపు 26 లక్షలు. కంపెనీలకైతే కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. కాలేజీ ఫీజు మీద జీఎస్టీ లేదు కాబట్టి మనకు ఆ క్రెడిట్ రాదు, మొత్తం ఖర్చే. వేణు గారు చెప్పిన 5 శాతం రాయితీ ఒకప్పుడు ఉన్నమాట నిజం. అది కూడా ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థల వంటివాటికి, పరిశోధన పరికరాలకు. 2022 జూలైలో దాన్నీ తీసేశారు. దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేస్తే దాదాపు మూడు లక్షలు తక్కువ పడుతుంది.

ఇక "ఏటా పెద్ద మొత్తం ఆదా" అన్న వాక్యం. అంకె లేకుండా ఆదా అని రాస్తే మేము మొదట పెన్సిల్‌తో గీత గీసేది దాని కిందే. రామకృష్ణ గారూ, గంటకు ఎంత పడుతుందో చెప్పండి, లెక్క ఇక్కడే వేద్దాం.

---

రామకృష్ణ (షోళింగనల్లూర్)

రెండు వర్చువల్ కోర్లు, 4 జీబీ ర్యామ్ ఉన్న మామూలు మెషీన్ ముంబై రీజియన్‌లో గంటకు సుమారు 4 రూపాయలు. డిస్కు, పన్ను వేరే. లెక్కకు ఈ నాలుగు చాలు.

---

పద్మజ (గిండి)

అయితే చూడండి. క్లౌడ్ ల్యాబ్ ఒక్కటే తీసుకుంటే 180 మంది, వారానికి 3 గంటలు, సెమిస్టర్‌కు 15 వారాలు. 8,100 గంటలు. నాలుగు రూపాయల చొప్పున 32,400. ముప్పై రెండు వేలే! 26 లక్షలు అడిగే ఉత్తరంలో ఈ లెక్క మీరు పెట్టకపోయినా, మా ఆఫీసులో ఎవరో ఒకరు పావుగంటలో వేసేస్తారు. ఆ క్షణమే ఉత్తరం పక్కకు వెళ్తుంది.

ఇప్పుడు ప్రాజెక్టులు. 60 బృందాలు, తలా ఒక మెషీన్, 120 రోజులు, రోజంతా. 1,72,800 గంటలు. దాదాపు 6 లక్షల 90 వేలు. రెండూ కలిపితే 7 లక్షల 20 వేల పైచిలుకు.

మన వైపు, 26 లక్షలను ఐదేళ్లకు పంచితే ఏడాదికి 5 లక్షల 20 వేలు. కరెంటు ఎంత?

---

ఇమ్రాన్ (అంబత్తూర్)

కరెంటు నేను చెప్తా మేడమ్, నేను ఒక కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని. ఆ సైజు సర్వర్ మామూలు లోడ్‌లో 350 వాట్ల దాకా లాగుతుంది. మూడూ, స్విచ్ కలిపి 1.1 కిలోవాట్. ఆ వేడిని తీయడానికి ఏసీకి ఇంకో 400 వాట్లు. మొత్తం 1.5 అనుకోండి. నెలకు 1,080 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా నెలకు పదివేల లోపు, ఏడాదికి లక్షా ఇరవై వేల లోపు. ఏసీ రెండు ఉండాలి, ఒకటి ఆగితే రెండోది నడవాలి. స్ప్లిట్ ఏసీ రాత్రీపగలూ ఆగకుండా నడిస్తే ఎండాకాలంలో ఒకటైనా చెడిపోతుంది.

---

పద్మజ (గిండి)

అంటే 6 లక్షల 40 వేలు ఒకవైపు, 7 లక్షల 20 వేలు ఇంకోవైపు. ఇందులో మనిషి జీతం లేదు. పిల్లలు రాత్రిళ్లు మెషీన్ ఆపేస్తే క్లౌడ్ ఖర్చు బాగా తగ్గుతుంది. ఏడాదికి ముందే ఒప్పుకుంటే వాళ్లు ధర ఇంకా తగ్గిస్తారు. కాబట్టి ఆదా అవుతుందన్న మాట నిలబడదు శ్రీలత గారూ. తీసేయండి. దాని బదులు మేనేజ్‌మెంట్ వినే మాట ఒకటుంది: ఖర్చు ముందే తెలుస్తుంది. 26 లక్షలు ఒకసారి, ఆ తర్వాత నెలకు పదివేల కరెంటు. ఏ పిల్లాడు ఏం మరిచిపోయినా బిల్లు పెరగదు. మా ట్రస్టీలకు ఎక్కువ ఖర్చు కన్నా తెలియని ఖర్చు అంటేనే భయం.

వారంటీ కూడా ఐదేళ్లది ఇప్పుడే తీసుకోండి. మూడేళ్లది తీసుకుంటే నాలుగో ఏట ఏఎంసీ కోసం మళ్లీ ఉత్తరం రాయాలి, అది క్యాపిటల్ పద్దులో కాకుండా నిర్వహణ పద్దులో వస్తుంది, అక్కడ డబ్బు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది.

---

శ్రీలత (తాంబరం)

పద్మజ గారూ, రామకృష్ణ గారూ, ఈ లెక్క చూశాక ఆ పేరా మొత్తం మారుస్తున్నాను. ఆదా మాట పోతుంది. మరి దేని మీద నిలబెట్టాలి? నా మనసులో ఉన్నది చెప్తాను. పబ్లిక్ క్లౌడ్‌లో పిల్లలు బటన్ నొక్కితే మెషీన్ వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, డిస్కు ఎక్కడ ఉందో, నెట్‌వర్క్ ఎవరు విడదీశారో వాళ్లకు కనబడదు. నాకు ఆ లోపలి భాగం నేర్పాలని ఉంది. ఒక సర్వర్ తీగ పీకేసి, దాని మీది మెషీన్లు ఇంకో సర్వర్ మీద లేవడం పిల్లలు కళ్లారా చూడాలి.

ఇంకొకటి సెక్యూరిటీ ల్యాబ్. కావాలని లోపాలతో చేసిన మెషీన్ల మీద దాడి చేసి నేర్చుకోవాలి. వాటిని ఇంటర్నెట్‌కు తగిలేలా పెట్టడానికి లేదు. మన దగ్గరే గోడ కట్టిన నెట్‌వర్క్ ఉంటేనే అది నేర్పగలం.

వేణు గారూ, సిలబస్ సంగతి. 2017 రెగ్యులేషన్ క్లౌడ్ ల్యాబ్‌లో ట్రైస్టాక్ అనే ఆన్‌లైన్ ఓపెన్‌స్టాక్ మీద మెషీన్ తెరిచే ప్రయోగం ఉండేది. ఆ సైటే మూతపడింది. 2021 రెగ్యులేషన్‌లో వర్చువల్‌బాక్స్, క్లౌడ్‌సిమ్, హడూప్, డాకర్ లాంటివి ఉన్నాయి. ఓపెన్‌స్టాక్ తప్పనిసరి కాదు.

---

వేణు (వేలచ్చేరి)

సిలబస్ మాట సరే మేడమ్. కానీ మీరే లోపలి భాగం నేర్పాలంటున్నారు కదా. ప్రాక్స్‌మాక్స్ లాంటి వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ వేస్తే పేజీ తెరిచి నొక్కడమే. ఓపెన్‌స్టాక్‌లో అయితే నెట్‌వర్క్‌కు ఒకటి, డిస్కుకు ఒకటి, ఇమేజ్‌కు ఒకటి, ఏ సేవ ఏం చేస్తుందో విడివిడిగా కనిపిస్తుంది. ప్రతి విద్యార్థికీ కోటా, సొంత నెట్‌వర్క్ దానితోనే వస్తాయి. నేను పనిచేసే టెలికాం కంపెనీలో అదే వాడతాం.

---

రామకృష్ణ (షోళింగనల్లూర్)

వేణు గారు చెప్పింది నిజమే. విద్యార్థుల కోటాలు, విడి నెట్‌వర్క్‌ల విషయంలో ఓపెన్‌స్టాక్ ముందుంటుంది. టెలికాం కంపెనీలో దాన్ని చూసుకోవడానికి ఒక జట్టు ఉంటుంది. కాలేజీలో ఒక్క మనిషి, అదీ సగం సమయం. ఓపెన్‌స్టాక్ ఆరు నెలలకొక కొత్త విడుదల ఇస్తుంది, పాతదాని నుంచి దానికి మారడం చిన్న పని కాదు. మధ్యలో మెసేజ్ క్యూ నిలిచిపోయి, మెషీన్లు "BUILD" అని చూపిస్తూ అక్కడే ఆగిపోతే, ల్యాబ్ గంటలో దాన్ని ఎవరు విప్పుతారు? నా సలహా, అసలు ల్యాబ్‌ను మోసేది ప్రాక్స్‌మాక్స్ కావాలి. దాని మీద వర్చువల్ మెషీన్లలో చిన్న ఓపెన్‌స్టాక్ వేసి పాఠంగా నేర్పండి. అది కూలితే చెరిపేసి మళ్లీ వేసుకోవచ్చు, మిగతా ల్యాబ్ ఆగదు.

వీఎంవేర్ గురించి ఎవరైనా అడిగితే, 2023లో బ్రాడ్‌కామ్ కొన్న తర్వాత ఒకసారి కొని ఉంచుకునే లైసెన్స్ అమ్మడం ఆపేశారు, చందా మాత్రమే. ఏటా కట్టాల్సిన ఖర్చు ఉత్తరంలోకి తేవద్దు.

కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఎస్‌ఎస్‌డీల దగ్గర. కొటేషన్ తగ్గించడానికి సరఫరాదారు లాప్‌టాప్‌లో వేసే రకం ఎస్‌ఎస్‌డీ పెడతాడు. కాగితం మీద వేగం రెండింటికీ ఒకటే. తేడా ఎక్కడంటే, సర్వర్ రకంలో కరెంటు పోయినా రాతను పూర్తి చేసే కెపాసిటర్లు ఉంటాయి. అందువల్ల "రాశాను" అని వెంటనే సమాధానం ఇవ్వగలదు. సెఫ్ ప్రతి రాతకూ ఆ సమాధానం కోసం ఆగుతుంది. కెపాసిటర్ లేని డిస్కులైతే ఒకరిద్దరు వాడినప్పుడు బాగానే ఉంటుంది, 60 మంది ఒకేసారి ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే అంతా జిగురులా సాగుతుంది. ప్రాసెసర్ చూస్తే ఖాళీ, ర్యామ్ ఖాళీ, మెషీన్లు మాత్రం కదలవు. ఈ లక్షణం కనిపిస్తే డిస్కే. సర్వర్ రాగానే, సెఫ్ కట్టే ముందు ఒక డిస్కును మామూలుగా మౌంట్ చేసి ఇది నడపండి:

```
pveperf /mnt/test
```

వచ్చేదాంట్లో `FSYNCS/SECOND` అన్న వరుస చూడండి. సర్వర్ రకం అయితే వేలల్లో ఉంటుంది. వందల్లో ఉంటే బిల్లు పాస్ చేయకండి. కొనుగోలు ఆర్డర్‌లోనే "పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీ" అని రాయించండి, అప్పుడే వెనక్కి పంపే హక్కు ఉంటుంది. రిచీ స్ట్రీట్ సర్వర్లలో కూడా చాసిస్, ర్యామ్ బాగానే ఉండవచ్చు, డిస్కులు మాత్రం ఎంత అరిగాయో చూడకుండా తీసుకోకూడదు.

---

ఇమ్రాన్ (అంబత్తూర్)

రామకృష్ణ సార్ డిస్కు చెప్పారు, నేను ల్యాబ్ గంటలో జరిగేది చెప్తా. రెండింటికి ల్యాబ్ మొదలు. 60 మంది ఒకేసారి మెషీన్ అడుగుతారు. వాళ్ల మెషీన్లన్నిటికీ మూలమైన అచ్చు మెషీన్ సైజు 20 జీబీ అనుకోండి. పూర్తి కాపీ తీస్తే 1.2 టీబీ రాయాలి. మా దగ్గర మొదట సర్వర్ల మధ్య 1 గిగాబిట్ స్విచ్ ఉండేది. అది సెకనుకు 110 ఎంబీ దాకా మోస్తుంది. కాపీ ఒక్కటే మూడు గంటలు. అంటే ల్యాబ్ అయిపోయేసరికి మెషీన్లు సిద్ధం! మీ ఉత్తరంలో 10 గిగాబిట్ స్విచ్ ఉంది, దాన్ని ఎవరైనా జాబితాలోంచి తీసేయబోతే ఈ లెక్క చెప్పండి.

స్విచ్ ఉన్నా పూర్తి కాపీ తీయకండి. అచ్చును టెంప్లేట్ చేసి లింక్డ్ క్లోన్ తీస్తే విద్యార్థి మార్చిన భాగమే విడిగా రాస్తుంది. కమాండ్ చిన్నదే:

```
qm clone 9000 201 --name cloudlab-01
```

9000 టెంప్లేట్ అయితే ఇది లింక్డ్ క్లోనే. చివర `--full` పెడితేనే పూర్తి కాపీ. క్షణాల్లో వస్తుంది. ఒకటే షరతు, సెమిస్టర్ నడుస్తుండగా ఆ టెంప్లేట్‌ను ఎవరూ తీసేయకూడదు, మార్చకూడదు. అన్ని మెషీన్లూ దాని మీదే నిలబడి ఉంటాయి.

విద్యార్థుల నెట్‌వర్క్‌ను మాత్రం కాలేజీ నెట్‌వర్క్ నుంచి వీల్యాన్‌తో విడదీయండి. మా దగ్గర ఒక పిల్లాడు తన మెషీన్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టాడు, పాఠంలో భాగంగానే. అది కాలేజీ నెట్‌వర్క్‌లోకి కూడా అడ్రస్‌లు పంచింది. ఆఫీసులో ఫీజు కౌంటర్ ఆగిపోయింది. కౌంటర్ పీసీలో అడ్రస్ చూస్తే మా రేంజే కాదు, అప్పుడు తెలిసింది. ఇంకోటి, పిల్లల మెషీన్‌కు నేరుగా బయటి ఐపీ ఇవ్వకండి. యూజర్ student, పాస్‌వర్డ్ student అని పెట్టుకుంటారు, బయటివాడు లోపలికి రావడానికి ఒక్క రాత్రి చాలు. రాత్రి రెండింటికి ఏ మెషీన్ అయినా ప్రాసెసర్ వంద శాతం చూపిస్తుంటే వెళ్లి చూడాలి.

గది సంగతి. తాంబరం అన్నారు, ఏ అంతస్తు? 2015 డిసెంబర్ వరద, 2023 డిసెంబర్ మిచాంగ్ తుపాను తర్వాత నేను కింది అంతస్తులో సర్వర్ పెట్టమని ఎవరికీ చెప్పను. పై అంతస్తులో, నీళ్ల ట్యాంకు కింద కాకుండా చూడండి. యూపీఎస్ బ్యాటరీలు బరువు, స్లాబ్ మోస్తుందో లేదో సివిల్ వాళ్లను అడగండి. యూపీఎస్ అరగంట ఉంటే చాలు, కానీ బ్యాటరీ తగ్గగానే మెషీన్లను, తర్వాత సర్వర్లను వాటంతటవే ఆర్పేలా అమర్చాలి. జనరేటర్ ఉందని నమ్మి ఇది వదిలేస్తారు. జనరేటర్ లేవని రోజే ఇది కావాలి.

మనిషి జీతం ఉత్తరంలో ఎక్కడుంది మేడమ్? నాకు అన్నిటికన్నా అదే ముఖ్యంగా కనబడుతోంది. పరికరాలు వస్తాయి, ఫొటో తీస్తారు, ఆరు నెలలకు అప్‌డేట్ వేసేవాడు ఉండడు. చూసుకునే ప్రొఫెసర్ వేరే కాలేజీకి వెళ్లిపోతే పాస్‌వర్డ్ కూడా ఎవరికీ తెలియదు. నేను అలాంటి క్లస్టర్ ఒకదాన్ని కళ్లారా చూశాను, ర్యాక్‌లో దుమ్ము పట్టి.

---

పద్మజ (గిండి)

ఇమ్రాన్ గారి మాటకు నేను మద్దతు ఇస్తాను, ఒక జాగ్రత్తతో. కొత్త ఉద్యోగం అడిగితే అది ఇంకో కమిటీకి వెళ్తుంది, రెండూ ఆగిపోతాయి. ఇప్పుడున్న ల్యాబ్ టెక్నీషియన్లలో ఒకరి సగం పని గంటలు దీనికి కేటాయించమని, శిక్షణకు కొంత మొత్తం ఇవ్వమని అడగండి. పేరు కూడా రాయండి. పేరు ఉంటే బాధ్యత ఉన్నట్టు కనిపిస్తుంది.

విద్యార్థుల దగ్గర ఫీజు వసూలు చేసి రాబట్టుకుంటామని మాత్రం రాయవద్దు. ఫీజులు కమిటీ నిర్ణయించేవి, ఆ వాక్యం చూస్తేనే కాగితం పక్కన పెడతారు. ఎన్‌బీఏ గుర్తింపు కోసం అంటారా, ల్యాబ్ సౌకర్యాలు, టెక్నికల్ సిబ్బంది గురించి వాళ్ల ఫారంలో విడిగా అడుగుతారు. ఒక్క వాక్యం చాలు.

---

రామకృష్ణ (షోళింగనల్లూర్)

నాది ఒక సూచన. ఇప్పుడే ఒక చిన్న నమూనా కట్టండి. ల్యాబ్‌లో పక్కన పడేసిన డెస్క్‌టాప్‌లు ఉంటాయి. మూడింట్లో 16 జీబీ ర్యామ్ వేసి ప్రాక్స్‌మాక్స్ పెట్టి, పది ప్రాజెక్టు బృందాలకు ఒక సెమిస్టర్ ఇవ్వండి. ఎంతమంది వాడారు, ఎన్ని గంటలు, ఎన్నిసార్లు చోటు లేదని వెనక్కి పంపాం అన్నది రాసి పెట్టుకోండి. పద్మజ గారి లెక్క అంతా "మెషీన్లు రోజంతా నడుస్తాయి" అన్న ఊహ మీద ఉంది. అది నిజమో కాదో మీ దగ్గర రుజువు ఉండాలి.

---

పద్మజ (గిండి)

ఈ ఒక్క విషయంలో నేను మీతో ఏకీభవించలేను సార్. నమూనా నడిస్తే ట్రస్టీలు ఏమంటారో నాకు తెలుసు. "పాత కంప్యూటర్లతోనే నడుస్తోంది కదా, ఇంకో రెండు చేర్చుకోండి" అంటారు. ఆ తర్వాత 26 లక్షల మాట ఇంకో మూడేళ్లు ఎత్తలేరు. నమూనా చేయండి, కానీ మంజూరు వచ్చాక చేయండి.

---

రామకృష్ణ (షోళింగనల్లూర్)

మేనేజ్‌మెంట్‌ను మీరు ఎరుగుదురు, నేను ఎరుగను. కానీ వాడకం తెలియకుండా కొన్న సర్వర్లు ఖాళీగా తిరగడం నేను చాలాచోట్ల చూశాను. అప్పుడు తర్వాతి ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు.

---

శ్రీలత (తాంబరం)

ఇద్దరి మాటలోనూ బరువుంది, దీన్ని మా హెచ్‌ఓడీతో మాట్లాడాకే తేల్చుకుంటాను. మిగతావి ఈ రాత్రే దిద్దాను. రెండో పేరా ఇప్పుడు ఇలా ఉంది:

> ల్యాబ్ సమయంలో 60 మందికి 2 జీబీ చొప్పున, 60 ప్రాజెక్టు బృందాలకు 4 జీబీ చొప్పున మొత్తం 360 జీబీ ర్యామ్ అవసరం. ప్రతిపాదిత మూడు సర్వర్లలో ఒకటి చెడిపోయినా 460 జీబీ అందుబాటులో ఉంటుంది. డేటాను మూడు ప్రతులుగా దాచడం వల్ల వాడుకోగల నిల్వ 6.5 టీబీ. బృందానికి 50 జీబీ చొప్పున 3 టీబీ, ల్యాబ్ మెషీన్లకు సుమారు 2 టీబీ అవసరం కాగా మిగిలినది రాబోయే బ్యాచ్‌కు ఉంటుంది.
>
> ఐదేళ్ల వారంటీ మినహా, పన్నులతో సహా ఖర్చు 26 లక్షలు. వారంటీ ధర మూడు కొటేషన్లలోనూ విడిగా చూపించాం. విద్యుత్ ఖర్చు నెలకు సుమారు 10 వేలు. ల్యాబ్ గంటలకు మాత్రమే అయితే పబ్లిక్ క్లౌడ్ చవక అని మనవి చేస్తున్నాను. ఈ వినతి ఆగకుండా నడవాల్సిన ప్రాజెక్టుల కోసం, బయటి నెట్‌వర్క్‌లో చేయకూడని సెక్యూరిటీ ప్రయోగాల కోసం, క్లౌడ్ లోపలి నిర్మాణాన్ని విద్యార్థుల చేతులతో కట్టించడం కోసం. ఏ నెలలోనూ ఖర్చు ఈ పరిమితి దాటదు.

సర్వర్ గదికి రెండో అంతస్తు అడిగాను. టెక్నీషియన్ పేరు రాయడానికి ఆయన్ను అడిగితే శిక్షణ ఇప్పిస్తే చేస్తానన్నారు. సాయితేజా, కార్డు లేని విద్యార్థుల మాట చివరి పేరాలో చేర్చాను.

---

వేణు (వేలచ్చేరి)

"పబ్లిక్ క్లౌడ్ చవక" అని మనమే రాయాలా మేడమ్? అది చదివి అక్కడే ఆపేస్తే?

---

పద్మజ (గిండి)

ఉండనివ్వండి వేణు గారూ. ఆ లెక్క వాళ్లు వేసుకుని మనల్ని అడగడం కన్నా, మనమే వేసి చూపిస్తే మిగతా అంకెలను కూడా నమ్ముతారు. శ్రీలత గారూ, ఆ 32,400 లెక్క అనుబంధంగా ఒక పేజీలో జతచేయండి. మూడు కొటేషన్ల పోలిక పట్టిక దాని వెనుక పెట్టండి.

---

ఇమ్రాన్ (అంబత్తూర్)

మేడమ్, పట్టికలో ఎస్‌ఎస్‌డీ మోడల్ నంబర్ కూడా రాయించండి. "1.92 టీబీ ఎస్‌ఎస్‌డీ" అని మాత్రమే ఉంటే ఏదైనా ఇస్తారు. కొటేషన్లు ఇక్కడ పెడితే మోడల్ చూసి చెప్తాను, కంపెనీ పేర్లు చెరిపేసి పెట్టండి.